కొట్లో అదనపు గంటలకు నోటుబుక్కు: రాయడం, లెక్క తేల్చడం, అడగడం ఎలా

మా పిన్ని కొడుకు పాలకొల్లులో ఒక బట్టల కొట్లో గుమస్తా. ఆచంట వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తాడు. 2025 డిసెంబరు మొదట్లో వాడు మా ఇంటికి వచ్చినప్పుడు, "రోజూ ఎన్ని గంటలు నిలబడుతున్నావురా?" అని అడిగాను. "పదింటి నుంచి ఏడింటి దాకా అక్కా. సీజన్లో కాస్త లేటవుతుంది, దానికి ఓటీ ఇస్తారు" అన్నాడు. ఎంత ఇస్తారంటే, రాత్రి తొమ్మిది దాటిన రోజున వంద రూపాయలని చెప్పాడు.

నేను రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. ఆ వంద ఏ లెక్కన వచ్చిందో నాకు అర్థం కాలేదు. అందుకే సంక్రాంతికి ముందు నాలుగు వారాలు వాడి చేత ఒక నోటుబుక్కు రాయించాను. అది ఎలా రాశాడో, దాంట్లో ఏం తేలిందో, మీరూ రాయాలంటే ఏం చేయాలో చెబుతాను. కొట్టు ఏదైనా పద్ధతి ఇదే.

ముందు, ఒప్పుకున్న పని ఏమిటో రాసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో రాయాల్సింది మీ గంటలు కాదు, మీ ఒప్పందం. చేరేటప్పుడు నోటిమాటగా అనుకున్నదైనా సరే, రాయండి. వాడు ఇలా రాశాడు: జీతం నెలకు 13,000. పని ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు, మధ్యలో గంట భోజనం. సెలవు మంగళవారం. అంటే రోజుకు 8 గంటలు, ఆరు రోజులకు 48.

ఈ 48 ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం దుకాణంలో వారానికి మామూలు పని 48 గంటలు. ఆ పైన చేయించిన పనికి మామూలు రేటుకు రెండింతలు ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర వేతనాల కోడ్ కూడా ఓవర్‌టైమ్ రెండింతలకు తగ్గకూడదనే చెబుతుంది. మీరు వారాన్ని పట్టుకుని లెక్కేస్తే సరిపోతుంది. రోజు లెక్కా వారం లెక్కా రెండూ కలిపేస్తే ఒకే గంట రెండుసార్లు పడి మొత్తం కాగితం మీద నమ్మకం పోతుంది.

తరవాత, ఏ రోజుకారోజు రాయండి

కుట్టిన పుస్తకం కొనండి. విడి కాగితాలు వద్దు, స్పైరల్ వద్దు, ఎందుకంటే వాటిలోంచి పేజీ ఊడదీసినా, మధ్యలో చేర్చినా తెలియదు. పేజీలకు ముందే నంబర్లు వేసుకోండి. పెన్నుతో రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి, కింద ఉన్నది చదవగలిగేలా. పేజీ చింపొద్దు.

ప్రతి రోజుకూ నాలుగు సంగతులు చాలు: కొట్లోకి ఎప్పుడు వచ్చారు, భోజనానికి నిజంగా ఎంతసేపు దొరికింది, ఎప్పుడు వదిలారు, ఆ రోజు ప్రత్యేకంగా ఏం జరిగింది. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు కానీ, మూడు నెలల తరవాత ఎవరైనా అడిగితే మీకు ఆ రోజును గుర్తుచేసేది అదే. "బేళ్లు దిగాయి, పైకి మోశాం", "పెళ్లివారు వచ్చారు, చీరలన్నీ మళ్లీ మడతపెట్టాం" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

వాడి మొదటి వారం పేజీ ఇలా ఉంది:

బుధ: 9.30 – 8.00, భోజనం గంట. పని 9 గం. 30 ని.
గురు: 9.30 – 8.30, భోజనం గంట. పని 10 గం.
శుక్ర: 9.40 – 8.10, భోజనం గంట. పని 9 గం. 30 ని.
శని: 9.30 – 9.15, భోజనం ముప్పావుగంట. పని 11 గం.
ఆది: 9.15 – 9.30, భోజనం అరగంట. పని 11 గం. 45 ని.
సోమ: 9.30 – 7.45, భోజనం గంట. పని 9 గం. 15 ని.
మంగళ: సెలవు.

కూడితే 61 గంటలు. 48 తీసేస్తే 13 గంటలు అదనం. ఆ వారం వాడి చేతికి వచ్చిన "ఓటీ" శని, ఆదివారాలకు వందేసి చొప్పున రెండు వందలు.

ఈ పేజీ చూసి వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "శుక్రవారం కూడా లేటేనా అక్కా? ఆ రోజు తొందరగా వచ్చేశాననుకున్నానే" అన్నాడు. ఎనిమిదీ పదికి వదిలారు ఆ రోజు. ఎనిమిదింటికి బయటపడటం వాడికి అంతగా అలవాటైపోయింది.

గంటలు ఎక్కడ పోతున్నాయో చూడండి

మొత్తం తెలిస్తే సరిపోదు. అది ఏ మూల నుంచి వచ్చిందో విడదీయాలి, ఎందుకంటే ఓనరుతో మాట్లాడేటప్పుడు అడ్డుపడేది ఇక్కడే. ఆ 13 గంటల్ని మూడు ముక్కలు చేశాం.

మొదటిది ఉదయం. కొట్టు పదింటికి తెరుస్తారు కానీ గుమస్తాలు తొమ్మిదిన్నరకే రావాలి. షట్టర్ ఎత్తడం, ఊడవడం, కౌంటర్లు తుడవడం, రాత్రి మిగిలిపోయిన తానులు సర్దడం. ఇది "పని మొదలవకముందు పని" అని ఎవరూ లెక్కలో వేయరు. ఆ ఒక్క వారంలో అది 3 గంటల 5 నిమిషాలు. పిలిచి చేయించుకున్నది పనే కాబట్టి అది లెక్కలోకి వస్తుంది. మీ అంతట మీరు బస్సు ముందు దొరికిందని వచ్చి బయట అరుగు మీద కూర్చుంటే అది రాదు, రాయొద్దు.

రెండోది భోజనం. శని, ఆదివారాల్లో తింటూంటే మధ్యలో పిలిచేశారు. అక్కడ 45 నిమిషాలు.

మూడోది సాయంత్రం, 9 గంటల 10 నిమిషాలు. అసలు పెద్ద గండి ఇదే. కొట్టువాళ్ల లెక్కలో ఓవర్‌టైమ్ తొమ్మిదింటికి మొదలవుతుంది. ఒప్పందంలో పని ఏడింటికి ముగుస్తుంది. ఈ రెండింటి మధ్య రెండు గంటలు రోజూ ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతున్నాయి. ఆ వారం తొమ్మిది దాటాక వాడు చేసింది మొత్తం ముప్పావుగంట. కొట్టు డబ్బిచ్చింది దానికి. మిగిలిన పన్నెండుంపావు గంటలకు రూపాయి లేదు.

మీ కొట్లో ఇది ఇంకోలా ఉండొచ్చు. కిరాణాలో సాయంత్రం కంటే లోడు దిగే తెల్లవారుజాము దగ్గర పోతుంది. మందుల షాపులో భోజనం దగ్గర పోతుంది. ఎక్కడ పోతోందో నోటుబుక్కే చూపిస్తుంది, ముందే ఊహించుకోకండి.

మరిచిపోయిన రోజును కల్పించకండి

రెండో వారం శుక్రవారం వాడు ఇంటికొచ్చి పడుకుండిపోయాడు, రాయలేదు. మర్నాడు "తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా వేసేయనా?" అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. "రాయలేదు" అని రాయించి, లెక్కలో ఆ రోజుకు 8 గంటలే వేశాం. గంటన్నరో రెండు గంటలో పోయి ఉంటుంది. కానీ అలా ఖాళీగా ఉన్న ఒక్క గడి మిగతా పేజీలన్నిటికీ సాక్ష్యం చెబుతుంది. రోజూ సరిగ్గా 9.30, సరిగ్గా 9.30 అని వరసగా ఉన్న పుస్తకాన్ని ఎవరు చూసినా ఒకే రోజు కూర్చుని రాశారనుకుంటారు. అయిదు నిమిషాల వరకు సరిచూసి రాయండి, మీకు అనుకూలంగా పైకి జరపకండి.

పుస్తకానికి బయట తోడు పెట్టుకోండి

మీరు రాసుకున్నది మీ మాటే. దాన్ని బలపరిచేవి మీ ఫోన్లోనే కొన్ని ఉంటాయి. వాడు కొట్టు దాటగానే "బయల్దేరానమ్మా" అని పిన్నికి ఫోన్ చేస్తాడు. ఆ కాల్ టైమూ నోటుబుక్కులో టైమూ రెండు మూడు నిమిషాల తేడాలో ఉన్నాయి. కొట్టు వాట్సాప్ గ్రూపులో మేనేజర్ పెట్టిన "రేపు అందరూ తొమ్మిదింపావుకల్లా ఉండాలి" లాంటి మెసేజీలు ఉన్నాయి. వాటిని తీసేయకండి, స్క్రీన్‌షాట్ తీసి వేరే చోట దాచండి. ఫోన్లో కాల్ వివరాలు కొంతకాలానికి పోతాయి కాబట్టి వారానికోసారి ఆ టైములు కూడా పుస్తకంలో ఎక్కించండి.

ఒక్క జాగ్రత్త. కొట్టు బిల్లులు, స్టాకు పుస్తకం, హాజరు రిజిస్టరు ఇంటికి తేవద్దు, ఫోటోలు తీయడానికి దొంగచాటుగా తెరవొద్దు. అడగాల్సిన జీతం సంగతి పోయి దొంగతనం సంగతి ముందుకొస్తుంది. ఆఖరి బిల్లు ఎన్నింటికి కొట్టారో చూసి గుర్తుపెట్టుకుని రాసుకోండి, అంతే.

హాజరు రిజిస్టరులో ముందే 10 – 7 అని రాసి సంతకం పెట్టమంటే, పక్కన మీ అసలు టైము వేయనిస్తారేమో అడగండి. వేయనివ్వకపోతే ఆ సంగతి, ఆ తారీఖు మీ పుస్తకంలో రాయండి.

ఇప్పుడు డబ్బు లెక్క

వాడి నాలుగు వారాలు ఇలా తేలాయి. మొదటి వారం 13 గంటలు అదనం. రెండో వారం 63 గంటల 30 నిమిషాల పని, అంటే 15 గంటల 30 నిమిషాలు అదనం. మూడో వారానికి సార్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చి పల్లెల నుంచి జనం దిగారు. మంగళవారం సెలవు ఇవ్వలేదు, 74 గంటల పని, 26 అదనం. నాలుగో వారం భోగికి ముందు రోజుతో ముగిసింది. అప్పుడూ సెలవు లేదు. 79 గంటల 30 నిమిషాల పని, 31 గంటల 30 నిమిషాలు అదనం. మొత్తం 86 గంటలు.

రేటు ఇలా కట్టాం. నెలకు 26 పనిదినాలు. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500. దాన్ని 8తో భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. రెండింతలు 125. ఎనభై ఆరు గంటలకు 10,750.

ఇందులోంచి అందింది తీయాలి. తొమ్మిది దాటిన రాత్రులు నాలుగు వారాల్లో 17, వాటికి 1,700 వచ్చింది. రాత్రికి వంద అనేది చాలా తక్కువే అయినా ఓటీ పేరు మీద ఇచ్చారు కాబట్టి దాన్ని తీసేయడమే న్యాయం. తేడా 9,050.

వారానికి వచ్చే రెండు వందల ఓటీ చాలా తక్కువని వాడికి తెలిసేది కాదు, మూడు వారాల జీతానికి దగ్గరగా తేడా ఉందని ఊహకే రాదు. నెల మొత్తం మీద చూసినప్పుడే ఇది కళ్లబడింది.

సెలవు పోయిన మంగళవారాల గురించి ఒక మాట. దానికి బదులు సెలవు తరవాత ఇచ్చి ఉంటే ఆ సంగతి కూడా రాయాలి. వాడికి ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఓనరు దాన్ని తప్పకుండా లేవనెత్తేవారు, మన కాగితంలో లేకపోతే మనమే దాచినట్టు ఉండేది.

అడగడం

పండగ రద్దీలో అడగొద్దు. గల్లా దగ్గర పదిమంది ఉన్నప్పుడు అసలే వద్దు. వాడు కనుమ వెళ్లాక నాలుగు రోజులాగి, మధ్యాహ్నం మూడింటప్పుడు కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు అడిగాడు. నోటుబుక్కు తీసుకెళ్లలేదు. ఒక తెల్లకాగితం మీద వారాలవారీ మొత్తాలు, రేటు, అందింది, రావాల్సింది రాసి తీసుకెళ్లాడు. అసలు పుస్తకం ఎప్పుడూ ఇంట్లోనే ఉంచండి, ప్రతి పేజీ ఫోటో ఇంకొకరి ఫోన్లో ఉంచండి.

"ఏంట్రా అబ్బాయ్ ఇది? నెలజీతం వాడికి ఓటీ ఏంటి?" అని ఓనరు మొదట అన్నారట. ఇది అందరూ వినే మాటే. నెలజీతం 48 గంటల వారానికి, ఆ పైన గంటలకు కాదు. వాడు నేను చెప్పినట్టే, "జీతం పది నుంచి ఏడుకి అన్నారు కదండీ. ఆ పైన చేసింది మాత్రమే రాశానండీ" అన్నాడు.

ఆయన కాలిక్యులేటర్ తీసి తన లెక్క వేశారు. 13,000ను 30తో భాగించారు. గంటకు 54 చిల్లర వచ్చింది. రెండింతలు చేయలేదు. ఎనభై ఆరు గంటలకు 4,658 తేలింది. అందులోంచి 1,700 తీసి, పండక్కిచ్చిన వెయ్యి రూపాయల మామూలు కూడా తీసి, "రెండు వేలిస్తాను పో" అన్నారు.

ఈ చోట చాలామంది రెండు వేలు తీసుకుని వచ్చేస్తారు, ఎందుకంటే ఏ అంకె ఎక్కడ మారిందో అప్పటికప్పుడు తెలియదు. మూడు చోట్ల మారింది. ముప్పైతో భాగిస్తే సెలవు రోజులు కూడా పనిదినాల్లో కలిసి రేటు పడిపోతుంది. రెండింతలు వదిలేస్తే సగం పోతుంది. ఆ వెయ్యి పండగ కానుకగా ఇచ్చింది, ఓటీగా కాదు. ఇచ్చేటప్పుడే "ఇది ఓటీ డబ్బు" అని ఉంటే తీయాల్సిందే. మీకూ ఎవరైనా వేరే అంకె చెబితే అవునూ కాదూ అనకండి. "మీ లెక్క రాసివ్వండి, చూసి చెబుతాను" అని ఆ కాగితం తెచ్చుకోండి. వాడు అదే చేశాడు.

మాటలతో తేలకపోతే కార్మిక శాఖ సహాయ కార్మిక అధికారి దగ్గరికి వెళ్లాలి. తెల్లకాగితం మీద అర్జీ: ఎప్పుడు చేరారు, జీతం, ఒప్పుకున్న గంటలు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు, ఎన్ని అదనపు గంటలు, అందింది, రావాల్సింది. దానికి పుస్తకం జిరాక్స్ జతచేయండి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. వేతనాల కోడ్ కింద బాకీ కోసం మూడేళ్ల లోపు అడగవచ్చు. డబ్బు చెల్లించామని నిరూపించుకోవాల్సింది యజమానే. కానీ అన్ని గంటలు చేశామని చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ఆ పని నోటుబుక్కుది.

వాడికి ఆఫీసు దాకా వెళ్లాల్సిన పని పడలేదు. రెండోసారి కూర్చున్నప్పుడు 26తో భాగించడానికీ రెండింతలకూ ఓనరు ఒప్పుకున్నారు. ఫిబ్రవరి జీతంతో ఆరు వేలు ఇచ్చారు. అయితే గల్లా దగ్గర గుమాస్తా రాసిన వోచరులో "ఓటీ పూర్తి సెటిల్‌మెంట్" అని ఉంది. ఇలాంటిది చూడకుండా సంతకం పెడితే మిగిలింది అక్కడితో పోయినట్టే. వాడు దాన్ని కొట్టించి, "డిసెంబరు, జనవరి ఓటీ బాకీలో కొంత, 6,000" అని రాయించుకుని, ఫోటో తీసుకున్నాక సంతకం పెట్టాడు.

ఆ రాత్రి పుస్తకం చివరి పేజీలో రాశాడు: రావాల్సింది 9,050. అందింది 6,000. మిగిలింది 3,050, ఉగాది తరవాత ఇస్తామన్నారు. దాని కింద గీత కొట్టి, ఆ రోజు పని రాశాడు: 9.30 – 7.20, భోజనం గంట.